నాలుగు భవనాలు, నలుగురు మనుషులు, మధ్యలో ఘాట్ రోడ్డు: పని గంటలు ఎలా పంచాలి?

జయపురం అక్క

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. చిన్న శుభ్రత కాంట్రాక్టు నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు పనివాళ్లు, ఒక అద్దె వ్యాను ఉన్నాయి. చేతిలో ఉన్నవి నాలుగు భవనాలు. జయపురంలో ఒక క్లినిక్ 6,000 చదరపు అడుగులు, ఒక ఆఫీసు 3,000. కోరాపుట్‌లో ఒక శిక్షణ కేంద్రం 4,000. సునాబెడలో ఒక చిన్న ఆఫీసు 2,400.

ఉదయం ఆరింటికి నలుగురూ కలిసి బయలుదేరుతారు. ముందు ఆఫీసు, తర్వాత క్లినిక్, అక్కడి నుంచి ఘాటెక్కి కోరాపుట్, ఆపైన సునాబెడ. తిరిగొచ్చాక క్లినిక్‌లో రెండోసారి తుడవాలి. అరగంట భోజన విరామం పోను డ్యూటీ ఎనిమిది గంటలు. గంటలన్నీ చదరపు అడుగుల నిష్పత్తిలో పంచాను. కాగితం మీద అన్నీ సరిపోతున్నాయి. కానీ సునాబెడ నుంచి రోజూ ఫిర్యాదే. "ఊడ్చి వెళ్లిపోతున్నారు, తడిగుడ్డ పడటం లేదు" అంటున్నారు. ఐదో మనిషిని పెట్టుకోవాలా, లేక పంచడంలోనే తేడా ఉందా?

చదరపు లెక్క

ఇందులో పెద్ద చిక్కేమీ లేదు అక్కా. మనిషికి రోజుకు 4,000 చదరపు అడుగులని మేము పెట్టుకుంటాం. మీకు మొత్తం 15,400 ఉంది, నలుగురున్నారు. ఇంకా మిగలాలి. లోపం లెక్కలో లేదు, మనుషుల్లో ఉంది. సునాబెడకు మీరే చెప్పకుండా వెళ్లి నిలబడండి, తెలిసిపోతుంది.

బల్లార్షా బాబాయి

అమ్మా, అడుగుకు ఎంత తీసుకుంటున్నారో రాయలేదు. మేము మహారాష్ట్రలో, చంద్రపూర్ వైపు, దూరపు భవనాలకు వ్యాను ఖర్చు వేరే గీతలో చూపించి బిల్లు వేస్తాం. అందరికీ ఒకటే రేటు వేస్తే దగ్గరివాళ్లు దూరంవాళ్ల ఖర్చు మోస్తారు. ముందు కొటేషన్ మార్చుకోండి.

జయపురం అక్క

బాబాయిగారూ, రేటు సంగతి కాంట్రాక్టు మళ్లీ రాసేటప్పుడు చూస్తాను. ఇప్పుడు నా బాధ డబ్బు కాదు, నిమిషాలు.

పాత టైంకీపర్

అమ్మా, నేను ఒక కర్మాగారంలో స్టాండర్డ్ టైములు కట్టే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మనుషుల్ని అనే ముందు కొన్ని వివరాలు కావాలి. 4,000 అడుగులన్నది ఒకే భవనంలో రోజంతా ఉండే మనిషికి చెప్పే మాట. మీ మనుషులు రోడ్డు మీద కూడా ఉంటున్నారు.

మొదటిది, మీరు రాసినవి అద్దె కాగితంలోని అడుగులా, చీపురు తిరిగే అడుగులా? బీరువాల కింద, తాళం వేసిన గదుల్లో ఎవరూ ఊడ్వరు. రెండోది, ప్రతి భవనంలో కమోడ్లు, యూరినల్స్, వాష్ బేసిన్లు విడివిడిగా లెక్కపెట్టి రాయండి. బాత్రూముల పని నేల కొలతను బట్టి ఉండదు, సామాను లెక్కను బట్టి ఉంటుంది. యాభై అడుగుల బాత్రూముకు యాభై అడుగుల వరండా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. మూడోది, వెయ్యి అడుగులు ఊడ్వడానికీ తుడవడానికీ మీ వాళ్లకు నిజంగా ఎంత పడుతోందో గడియారం పట్టుకుని చూడండి. నాలుగోది ప్రయాణం. బండి కదిలిన క్షణం నుంచి కాదు, ఒక భవనం తలుపు మూసినప్పటి నుంచి రెండో భవనం తలుపు తీసేదాకా.

జయపురం అక్క

చూసి రాస్తున్నాను. చీపురు తిరిగే నేల క్లినిక్‌లో 5,000, ఆఫీసులో 2,500, కోరాపుట్‌లో 3,200, సునాబెడలో 2,000 అడుగులు తేలింది. సామాను: క్లినిక్‌లో 24, ఆఫీసులో 6, కోరాపుట్‌లో 20, సునాబెడలో 6.

ఊడ్వడం వెయ్యి అడుగులకు ఒకామెకు 15 నిమిషాలు, ఇంకొకామెకు 20 పట్టింది. తుడవడం బకెట్టు నీళ్లు మార్చుకోవడంతో కలిపి ఒకరికి 24, ఇంకొకరికి 30. బాత్రూము సామాను ఒక్కోదానికి దాదాపు 3 నిమిషాలు.

ప్రయాణం తలుపు నుంచి తలుపుకు: ఆఫీసు నుంచి క్లినిక్‌కు 15 నిమిషాలు. జయపురం నుంచి కోరాపుట్‌కు 50, అక్కడి నుంచి సునాబెడకు 35, సునాబెడ నుంచి తిరిగి జయపురానికి 75. కిలోమీటర్లు చూస్తే జయపురం, కోరాపుట్ మధ్య ఇరవై పైచిలుకే. కానీ ఘాటులో ముందు ఒక లోడు లారీ తగిలితే అంతే సంగతి.

పాత టైంకీపర్

బాగా తీశారు. ఊడ్వడానికి 15 పట్టిందే, ఆమె చురుకైన మనిషా? మీరు పక్కన నిలబడి చూస్తున్నారా?

జయపురం అక్క

అవును, ఆమె మా అందరిలోకీ చురుకు. నేను పక్కనే ఉన్నాను.

పాత టైంకీపర్

అయితే 20, 30 తీసుకుందాం. చురుకైన మనిషి సమయాన్ని అందరికీ కొలబద్దగా పెడితే మిగతా ముగ్గురూ ఏదో ఒకటి ఎగ్గొట్టక తప్పదు. ఎగ్గొట్టేది ఎప్పుడూ తుడుపే, ఎందుకంటే ఆరిన నేల మీద తుడిచారో లేదో వెంటనే కనిపించదు.

సునాబెడ ఒక్కటీ చేసి చూపిస్తాను, మిగతావీ అదే తీరు. 2,000 అడుగులు ఊడ్వడం 40 నిమిషాలు, తుడవడం 60. బాత్రూము సామాను 6, మూడేసి చొప్పున 18. బల్లలు, చెత్తబుట్టలు 12. ఇవి మొత్తం 130. దీనికి సన్నాహం కలపాలి: తాళం తీయడం, నీళ్లు పట్టడం, ఫినాయిల్ కలపడం, చివర మాపు ఉతికి ఆరేయడం. 20 నిమిషాలు వేయండి. సన్నాహానికి భవనం చిన్నదా పెద్దదా అన్నది పట్టదు. చిన్న భవనాల్లో అదే ఎక్కువ తింటుంది. మొత్తం 150. అలసటకు, మంచినీళ్లకు, టీకి పది శాతం వేస్తే 165. టీని ఇందులో కలిపాం కాబట్టి డ్యూటీ గంటల్లోంచి మళ్లీ తీయకండి. చాలామంది రెండు చోట్లా తీసి, మనుషులు చాలడం లేదంటారు.

ఇదే పద్ధతిలో, బల్లలకూ బుట్టలకూ నా అంచనా వేసి చూస్తే, కోరాపుట్ 286, ఆఫీసు 212 వస్తున్నాయి. క్లినిక్‌లో తుడుపూ బాత్రూములూ రెండేసి సార్లు కాబట్టి 697. నాలుగూ కలిపితే 1,360. ఇవి ఒక మనిషి నిమిషాలు. ఇద్దరు చేస్తే గడియారంలో సగం.

మీ దగ్గర ఉన్నవి నలుగురికి 480 చొప్పున 1,920 నిమిషాలు. చూడటానికి 560 మిగులు. కానీ నలుగురూ ఒకే బండిలో తిరుగుతున్నారు. ఘాట్ చుట్టు 160 నిమిషాలు, ఊళ్లో 15, మొత్తం 175. దాన్ని నాలుగుతో గుణించాలి: 700. పనికి మిగిలేది 1,220. రోజూ 140 లోటు. సునాబెడలో మొత్తం పనే 165. మీ మనుషులు బద్ధకస్తులు కారు. చివరి స్టాపు దగ్గరికి వచ్చేసరికి సంచిలో నిమిషాలు అయిపోతున్నాయి, తిరిగి వెళ్లాక క్లినిక్ ఎదురుచూస్తోంది.

చదరపు లెక్క

మాస్టారూ, ఒక అనుమానం. బండిలో గంటల తరబడి కూర్చునే వెళ్తున్నారు కదా. అలసటకు ఇచ్చిన పది శాతం ఆ కూర్చోవడంలోనే తీరిపోదా? ప్రయాణం చేసేవాళ్లకు ఆ పది శాతం తీసేస్తే మీరు చెప్పిన లోటు చాలావరకు పూడుతుంది.

ఘాట్ బండి

నేను ఆ దారిలో బండి తోలేవాణ్ణి. వెనక సీటులో నలుగురు, కాళ్ల దగ్గర బకెట్లు, ఒడిలో మాపు కర్రలు. మలుపు మలుపుకూ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. దాన్ని విశ్రాంతి అనాలంటే మీరు ఒకసారి వచ్చి కూర్చోవాలి.

పాత టైంకీపర్

అడిగిన ప్రశ్న మరీ తీసిపారేసేది కాదు. పని మధ్యలో వచ్చే తప్పనిసరి ఖాళీని అలసట వెసులుబాటులో సర్దడం ఫ్యాక్టరీల్లో ఉంది. యంత్రం దానంతట అది తిరుగుతుంటే మనిషి పక్కన కూర్చుంటాడు. కానీ ఆ వెసులుబాటులో కొంత ఒళ్లు అలుపుకు, కొంత మంచినీళ్లు, బాత్రూము లాంటి వాటికి. రెండోది కదిలే బండిలో తీరదు. తీసేసినా ఎంత వస్తుంది? కోరాపుట్, సునాబెడ కలిపి పది శాతమంటే 41 నిమిషాలే. 140 పూడదు.

అసలు మందు వేరే ఉంది. ఘాటెక్కే తలలు తగ్గించండి. పైన రెండు చోట్లా కలిపి పని 451. ఇద్దరు వెళ్తే ఒక్కొక్కరికి 226 పని, 160 ప్రయాణం, మొత్తం 386. 480లో సుఖంగా సరిపోతుంది. ముగ్గురు వెళ్తే ఒక్కొక్కరి పని 150కి తగ్గుతుంది, కానీ మూడో మనిషి తన 160 నిమిషాలు రోడ్డుకే ఇచ్చేస్తాడు. ఒక్కరే వెళ్తే 611, కుదరదు. కాబట్టి పైకి ఇద్దరు, కింద ఇద్దరు. ఊళ్లో పని 909. ఇద్దరికి పంచితే 455 చొప్పున, ఆఫీసు నుంచి క్లినిక్‌కు 15, మొత్తం 470. ఐదో మనిషి అక్కర్లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. సునాబెడలో నలుగురు దిగితే ఉన్న ఒక్క కుళాయి దగ్గర ఇద్దరు నిలబడతారు. ఆ నిలబడటం ఏ లెక్కలోనూ రాదు.

రాయగడ వార్డెన్

మా హాస్టళ్ల సంగతి చెబుతాను. రాయగడ చుట్టుపక్కల మూడు చోట్ల ఉన్నాయి. మొదట్లో మేమూ బండి తిప్పాం. ఇప్పుడు ఎక్కడి మనిషిని అక్కడే పెట్టుకున్నాం. వర్షం వచ్చినా బంద్ పిలుపు వచ్చినా పని ఆగదు. సునాబెడలో మూడు గంటలకు ఒక మనిషిని చూసుకుంటే ఈ తలనొప్పి అంతా పోతుంది కదా?

పాత టైంకీపర్

పోతుంది, లెక్క కూడా బాగుంటుంది. సునాబెడ 165 స్థానికంగా అయిపోతే, కోరాపుట్ 286కు రానుపోను 100 కలిపి 386. ఒక్క మనిషి చేయగలడు. అంటే జయపురం నుంచి ముగ్గురు, సునాబెడలో మూడు గంటల మనిషి ఒకరు. చిన్న పని, పెద్ద దూరం ఉన్న చోట ఎప్పుడూ ముందు ఇదే చూడాలి.

పర్లాకిమిడి పద్దులు

ఇక్కడ ఒక మెలిక ఉంది, తొందరపడకండి. కనీస వేతనం రోజుకింత అని నిర్ణయించిన పనిలో మనిషిని పెట్టుకుని, పని లేదని మీరే తక్కువ గంటలు చేయిస్తే పూర్తి రోజు కూలి ఇవ్వాల్సి ఉంటుంది. 1948 కనీస వేతనాల చట్టం 15వ సెక్షన్ ఇదే చెప్పింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. మూడు గంటలకు మూడు గంటల కూలే అని లెక్క వేసుకుంటే రేపు తనిఖీలో ఇబ్బంది. ఆ వీధిలోనే ఇంకో భవనం కాంట్రాక్టు దొరికి ఆ మనిషికి నిండు రోజు పని చూపించగలిగితే అప్పుడు ఎదురుండదు.

జయపురం అక్క

సునాబెడలో ఇంకో భవనం కోసం అడుగుతున్నాను, ఇంకా ఖాయం కాలేదు. పైగా కోరాపుట్ పెద్ద భవనం. ఉదయం పూట తాళం తీసుకుని ఒక్క మనిషి, అందులోనూ ఆడమనిషి, ఒంటరిగా ఉండటం నాకు ఇష్టం లేదు. కాబట్టి ప్రస్తుతానికి ఇద్దరూ ఇద్దరూ అన్నదే చేస్తాను.

కానీ మాస్టారూ, కింద ఇద్దరికి 470, పైన ఇద్దరికి 386. కిందివాళ్లు ఊరుకోరు. ఆఫీసు కూడా పదింటికల్లా అయిపోవాలి.

పాత టైంకీపర్

ఆఫీసు సంగతి తేలిక. ఆరింటికి ఇద్దరూ అక్కడే మొదలుపెడితే 212లో సగం, ఎనిమిదింటికల్లా బయటపడతారు. సమానం చేయాలంటే, పైవాళ్లు భోజన విరామం కలుపుకుని ఒంటిగంట ప్రాంతంలో జయపురం చేరతారు కదా, క్లినిక్‌లో రెండో విడత బాత్రూములు వాళ్లకు ఇవ్వండి. అది 79. అప్పుడు కింద 430, పైన 426 వస్తుంది.

తెల్ల కోటు

నేను క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తాను, మీది కాదు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నా ఇది చేయకండి. ఓపీ అయ్యాక బాత్రూములు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఘాటులో లారీ అడ్డం పడిన రోజున రోగులు సాయంత్రం దాకా ఆ బాత్రూములతోనే ఉండాలి. ఆలస్యమైనా పరవాలేని పని ఏదైనా పైవాళ్లకు ఇవ్వండి. మేడ మెట్లు, కిటికీలు, ఫ్యాన్లు, అలాంటివి.

ఘాట్ బండి

అమ్మ చెప్పింది నిజం. చలికాలం పొద్దున్నే మంచు పడితే హెడ్‌లైట్లు వేసుకున్నా పది అడుగులు కనిపించవు. ఆ 50 నిమిషాలు ఆరోజుల్లో 70 అని రాసుకోండి.

పాత టైంకీపర్

ఒప్పుకుంటున్నాను. అయితే ఫ్యాన్లూ కిటికీలూ నేను కట్టిన 1,360లో లేవు, అవి వారానికోసారి చేసేవి. వాటిని పైవాళ్లకు ఇస్తే వాళ్ల ఖాళీ నిండుతుంది, కానీ కిందివాళ్ల 470 తగ్గదు. పది నిమిషాల వెసులుబాటు అంటే ఒక్క రోగి వరండాలో వాంతి చేసుకున్నా లెక్క తప్పుతుంది. రెండో విడత తుడుపులో మేడ మీద భాగం ఎంతో చూడండి. అది కాస్త ఆలస్యమైనా నష్టం లేకపోతే దాన్ని పైవాళ్లకు తిప్పవచ్చు.

తెల్ల కోటు

మేడ మీద పేషెంట్లు ఉన్నారా లేరా అన్నదాన్ని బట్టి. ఉంటే అదీ వద్దు.

చదరపు లెక్క

పైవాళ్లకు రోజూ గంటన్నర ఖాళీ వదిలేస్తారా? మా దగ్గరైతే ఒప్పుకోరు.

పాత టైంకీపర్

అది ఖాళీ కాదు బాబూ, ఘాటుకు కట్టిన బీమా. మంచు రోజున దారిలో రెండు చోట్లా ఇరవయ్యేసి నిమిషాలు పోతే సగం అక్కడే ఖర్చవుతుంది. ఇంటి నుంచి మొదటి భవనానికి వచ్చేది వాళ్ల సొంత ప్రయాణం. డ్యూటీలో ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పంపేది మనం. ఆలస్యం వస్తే వాళ్ల ఇంటి సమయంలోంచి కోయకూడదు.

అమ్మా, ఈ అంకెలు శాశ్వతం కావు. ప్రతి భవనంలో ఒక నోటుపుస్తకం పెట్టి, తలుపు తీసిన సమయం, మూసిన సమయం మాత్రం రాయించండి. ఇంకేమీ వద్దు, ఎక్కువ అడిగితే అబద్ధం రాస్తారు. సునాబెడలో ఇద్దరికి 82 నిమిషాలు అనుకున్నాం. రోజూ 60కే మూసేస్తుంటే రెండే కారణాలు: నేను వేసిన సమయం ఎక్కువైనా అయి ఉండాలి, తుడుపైనా ఎగ్గొట్టి ఉండాలి. ఏదో తెలియాలంటే మూసే ముందు బకెట్టు చూడండి. రెండు వేల అడుగులు తుడిచిన నీళ్లు తెల్లగా ఉండవు. 100 దాటుతుంటే నీళ్లు ఎక్కడి నుంచి మోస్తున్నారో చూడండి.

జయపురం అక్క

నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. కోరాపుట్‌లో కుళాయి కింది అంతస్తులోనే ఉంది. తుడుపు రెండు అంతస్తుల్లో. గడియారం పట్టింది కింద హాలులో.

పాత టైంకీపర్

అయితే కోరాపుట్ 286 తక్కువే వేశాం. మీదికి మోసే ప్రతి బకెట్టుకు ఎంత పడుతుందో విడిగా చూసి కలపండి. పెద్ద డ్రమ్ము ఒకటి మేడ మీద ఉంచి, పైపుతో నింపుకోగలిగితే ఆ సమయం చాలావరకు పోతుంది. వానాకాలం సంగతి కూడా ఇప్పుడే అనుకోండి. మీ వైపు ఎర్రమట్టి, శిక్షణకు వచ్చే పిల్లల చెప్పులతో గుమ్మం నుంచి మెట్ల దాకా పేరుకుంటుంది. అది ఊడ్పుతో పోదు, ముందు గీకాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గుమ్మం, మెట్లు, వరండాలకు వేరే సమయం రాసుకోవాలి. గదులకు అవసరం లేదు.

బల్లార్షా బాబాయి

గుమ్మం బయటా లోపలా రెండు గోనె పట్టాలు వేయించండి. ఆ ఖర్చు కూడా బిల్లులో వేయవచ్చు.

జయపురం అక్క

వేయిస్తాను బాబాయిగారూ. వచ్చే సోమవారం నుంచి ఇద్దరిద్దరుగా పంపుతున్నాను. వ్యాను పైవాళ్లతో వెళ్తుంది, కిందివాళ్లకు ఒక సైకిలు, ఒక నడక. ఇక మిగిలింది ఒకటే. ఆ చురుకైనామెను పైకి పంపనా, కింద ఉంచనా? క్లినిక్‌వాళ్లు ఆమెనే అడుగుతున్నారు.

పాత టైంకీపర్

కింద ఉంచండి. పది నిమిషాల వెసులుబాటు ఉన్నది అక్కడే.

ఘాట్ బండి

పైగా మలుపుల్లో కొంగు అడ్డం పెట్టుకునేది ఆమే అక్కా.